ఖాళీ ట్రేలో ఇరవై మూడు గింజలు

ఆ ఇంట్లో కోడళ్లు ఇద్దరు. ఆ ఇద్దరూ ఉద్యోగం చేసేది ఒకే విత్తన పరీక్షా కేంద్రంలో, ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర. ఒక మనిషిని ఏడిపించడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకొకటి ఉంటుందా చెప్పండి! పొద్దున్నే వంటింట్లో చూసిన మొహాన్నే మళ్లీ పగలంతా కంప్యూటర్ తెర పక్కనుంచి చూడాలి. అది పెద్ద కోడలి ఖర్మ. చిన్న కోడలికి అది ఖర్మలా కనిపించేది కాదు, లేదా కనిపించనిచ్చేది కాదు.

ఇంటికీ ఆఫీసుకీ ముందు వచ్చింది పెద్ద కోడలే. ఆమె వచ్చేనాటికి అక్కడ గింజల్ని చేత్తో లెక్కపెట్టేవాళ్లు. పట్టకారుతో ఒక్కొక్కటి పక్కకు జరుపుతూ, నోట్లో అంకెలు గొణుక్కుంటూ, ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి మళ్లీ మొదటికొస్తూ. ఆ బాధ తప్పించింది ఆమే. చెక్కతో ఒక పెట్టె చేయించి, లోపల తెల్లరంగు వేయించి, పైన బల్బూ కెమెరా బిగించింది. ట్రేలో తెల్లకాగితం మీద గింజలు పరిచి పెట్టెలో పెడితే ఫోటో వస్తుంది. ఆ ఫోటోలో గింజలెన్నో చెప్పే ప్రోగ్రాం కూడా ఆమే రాసింది.

దాని పద్ధతి సులువు. ఫోటోలో రంగులు తీసేసి బూడిద చాయలు మాత్రం ఉంచుతుంది. చిమ్మచీకటికి సున్నా, మల్లెతెలుపుకు రెండు వందల యాభై అయిదు, తక్కిన చాయలన్నీ ఆ మధ్యలో. నూట పది దగ్గర ఆమె ఒక హద్దు పెట్టింది. అంతకంటే నల్లగా ఉన్న చుక్క గింజది, తక్కినదంతా కాగితం. అప్పుడు గింజలన్నీ తెల్లమచ్చలుగా, కాగితమంతా నలుపుగా తిరగబడిన బొమ్మ ఒకటి వస్తుంది. ఒక్కో మచ్చ అంచు పట్టుకుని ప్రోగ్రాం చుట్టూ ఒక గీత గీస్తుంది. ఎన్ని గీతలు చుట్టుకుంటే అన్ని గింజలు. మరీ చిన్న గీత అయితే దుమ్మని వదిలేస్తుంది.

ఒక్కటే ఇబ్బంది. రెండు గింజలు అంటుకుంటే రెంటికీ కలిపి ఒకే గీత పడుతుంది, లెక్కలో ఒకటి తగ్గుతుంది. అందుకని ట్రే పెట్టెలోకి వెళ్లేముందు ఎవరో ఒకరు కూర్చుని సన్నటి బ్రష్షుతో గింజల్ని విడదీయాలి. పనివాళ్లు సణిగేవాళ్లు. "ముగ్గులేసినట్టు వెయ్యమంటారేంటి మేడం!" అనేవాళ్లు. అయినా వేసేవాళ్లు. ఎందుకంటే ఆ గదిలో ఆమె మాటే వేదం.

నూట పది అన్న అంకెను మర్చిపోకుండా పెట్టె పక్కన లావుపాటి మార్కరుతో రాసుకుంది. తర్వాత ఒకసారి బల్బు మాడిపోయి కొత్తది వేస్తే వెలుతురు పెరిగింది, గింజలు కూడా ఫోటోలో కాస్త తెల్లబడ్డాయి, లేత రంగు వంగ గింజలు కొన్ని లెక్కలోంచి జారిపోయాయి. ఆమె ప్రోగ్రాంలో హద్దును నూట పద్దెనిమిదికి మార్చింది. పెట్టె మీది రాత మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రోగ్రాంకి తాళం లాంటి పాస్‌వర్డు ఉంది, అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికైనా ఎందుకు చెప్పాలి? ఆమె కష్టం, ఆమె తాళం.

అప్పుడొచ్చింది చిన్న కోడలు.

వచ్చి నిండా ఒక పంటకాలం కాకుండానే ఇంకో ప్రోగ్రాం రాసి కూర్చుంది. దానికి హద్దు చెప్పక్కర్లేదు, ప్రతి ఫోటోకీ అదే వెతుక్కుంటుంది. ఫోటోలోని చాయలన్నిటినీ రెండు గుంపులుగా విడగొట్టి, ఆ గుంపులు ఒకదానికొకటి ఎక్కడ విడగొడితే బాగా దూరమవుతాయో అక్కడ హద్దు పెట్టుకుంటుంది. ఒట్సు పద్ధతి అంటారట. అంటుకున్న గింజలకూ దాని దగ్గర మందుంది. మచ్చ లోపల ప్రతి చుక్కా అంచుకు ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది. అంచుకు బాగా ఎడంగా ఉన్నచోటు గింజ నట్టనడిమి భాగం. అలాంటి నడిమి భాగాలు రెండు కనిపిస్తే రెండు గింజలని, మూడు కనిపిస్తే మూడని విడగొట్టి, ఎవరి గీత వాళ్లకు గీస్తుంది.

బ్రష్షులు మూలపడ్డాయి. పనివాళ్లు చిన్న మేడంని నెత్తిన పెట్టుకున్నారు.

పెద్ద కోడలికి అసూయ అనే మాట నచ్చేది కాదు. అది తక్కువవాళ్లకు ఉండేదని ఆమె అభిప్రాయం. తనకున్నది న్యాయమైన బాధ అని అనుకునేది. కానీ మధ్యాహ్నం పూట ఎదుటి బల్ల దగ్గర నవ్వులు వినిపిస్తే ఆ న్యాయమైన బాధ కడుపులో భగ్గుమనేది. మనం పేరేం పెట్టినా మంట మంటే కదా.

ఇంటికొస్తే అక్కడా అదే పాట. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్త, లోకం తెలియని మహానుభావుడు, పళ్లెంలోంచి తలెత్తి అన్నాడు.

"మా మరదలి ప్రోగ్రాం గింజలు ఎలా పోసినా లెక్కపెట్టేస్తుందటగా! నీది కూడా అలా మార్చుకోరాదూ?"

"మార్చుకుంటా. ముందు మీరు తిన్న పళ్లెం మీరు తీయడం నేర్చుకోండి, తర్వాత చూద్దాం," అంది పెద్ద కోడలు.

అత్తగారు అందుకుంది. "అదేంటే, వాడేమన్నాడిప్పుడు? చిన్నది తెలివైందంటే నీకేం పోయింది?"

"ఏం పోలేదత్తయ్యా. పోవడానికి ఏం మిగిలిందని?"

అప్పుడు చిన్న కోడలు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని మెత్తగా అంది. "నేను చేసిందేముంది బావగారూ? ఆ పెట్టె అక్కది, కెమెరా అక్కది. అక్క దగ్గర చూసే నేర్చుకున్నా."

పుండు మీద కారం చల్లినట్టయింది పెద్ద కోడలికి. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇలా పొగిడితే ఏం చేస్తాం? పొగిడినవాళ్లకే ఇంకో మార్కు పడుతుంది, అంతే.

ఇంతలో డైరెక్టరుగారు ఒక మాట ప్రకటించారు. లెక్కింపు గదికి ఇక ఒకే ప్రోగ్రాం ఉంటుంది. శుక్రవారం రెండూ తన ముందు పెట్టి చూపించాలి. నెగ్గిన ప్రోగ్రాం ఎవరిదైతే ఆ గదికి వాళ్లే ఇన్‌ఛార్జి. పెద్ద కోడలు ఆ గదికి ఇన్‌ఛార్జి అని కాగితం మీద ఎన్నడూ లేదు, కానీ అందరూ అలాగే చూసేవాళ్లు. ఇప్పుడు కాగితం వచ్చి, దాని మీద తోడికోడలి పేరు పడితే? సెలవు చీటీ మీద కూడా ఆ పిల్ల సంతకం కావాలి. ఆ ఊహకే ఆమెకు ముద్ద దిగలేదు.

సోమవారం నుంచి ఆమె ఒక పని పెట్టుకుంది. అందరూ భోజనానికి వెళ్లాక గదిలో ఒక్కతే మిగిలి, చిన్న కోడలి ప్రోగ్రాం తెరిచి దాన్ని తప్పులో పడేయడానికి చూసేది. గింజల్ని కుప్పలుగా పోసింది. ప్రోగ్రాం విడగొట్టేసింది. దుమ్ము చల్లింది. అది ఏరి పారేసింది. విరిగిన ముక్కలు కలిపితే వాటి చుట్టూ ఎర్రగీత గీసి మరీ చూపించింది. ఆ చక్కదనానికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఒక్క తప్పు, ఒకే ఒక్క తప్పు దొరికితే చాలు. అంత గాఢంగా ఆమె ఆ మధ్య దేన్నీ కోరుకోలేదు.

మంగళవారం దొరికింది, అదీ అనుకోకుండా. మొలక పరీక్షలో తడి అద్దుడు కాగితం మీద వంద గింజలు పేరుస్తారు. గడువు నాటికి మొలిచినవాటిని పట్టకారుతో తీసేసి, మొలవకుండా మిగిలినవాటిని ఫోటో తీసి లెక్కపెడతారు. వందలోంచి అవి పోతే మొలక శాతం. ఆ రోజు ఒక ముల్లంగి రకం మొత్తానికి మొత్తం మొలిచింది. మొలకలన్నీ తీసేసిన ట్రే బల్ల మీద ఉంది. పెద్ద కోడలు దాన్ని పక్కన పెట్టబోయి, ఎందుకో పెట్టెలోకి తోసింది.

తెర మీద అంకె పడింది. ఇరవై మూడు.

ఆమె ట్రే బయటికి లాగి చూసింది. గింజ కాదు కదా, గింజ పొట్టు కూడా లేదు. మళ్లీ తెర చూసింది. ఖాళీ కాగితం మీద ఆకుపచ్చ గీతలు ఇరవై మూడు, ఏమీ లేని చోట వంకరటింకరగా.

అలా ఎందుకొచ్చిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది, తెలివితక్కువది కాదు కదా. ఆ పద్ధతికి విడగొట్టడమే తెలుసు. గింజలుంటే గింజల్నీ కాగితాన్నీ విడగొడుతుంది. గింజలు లేకపోతే ఊరుకోదు. కాగితంలోనే తడి ఎక్కువున్న చోటునీ తక్కువున్న చోటునీ విడగొట్టి, తడిమచ్చలకు గింజలని పేరు పెడుతుంది. వాటిలో గింజంత ఉన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. తన ప్రోగ్రాంలో పెట్టి చూసింది. సున్నా. తడికాగితం ఎంత తడిసినా ఆ హద్దు దాటి నల్లబడదు.

చిన్నది ఖాళీ ట్రే పెట్టి చూసి ఉండదు. ఖాళీ ట్రేని ఎవరు లెక్కపెడతారు?

పెద్ద కోడలికి ఎన్నాళ్లకో గుండె నిండా గాలి పీల్చుకున్నట్టయింది. నిజం చెప్పాలంటే చెప్పాల్సిన బాధ్యత ఆమెకుంది. ఆ గదిలో తప్పు దొరికితే ఆ పూటే చెప్పాలన్న నియమం పెట్టింది కూడా ఆమే. ఆ సంగతి గుర్తొచ్చింది, గుర్తొచ్చి వెళ్లిపోయింది. ట్రే కడిగి ఆరబెట్టి, ఏమీ ఎరగనట్టు భోజనం డబ్బా తెరిచింది. ఆ రోజు అన్నం చాలా రుచిగా ఉంది.

ఆ మూడు రోజులూ ఆమె ఎంత మంచిగా ఉందంటే అత్తగారికి అనుమానమొచ్చి ఒంట్లో బాగుందా అని అడిగింది. చిన్న కోడలు మాత్రం దిగులుగా తిరిగింది. ఒకటి రెండుసార్లు ఎదుటి బల్ల దగ్గరికి వచ్చి, "అక్కా, శుక్రవారం గురించి నాకేమైనా చెప్పాలా?" అని అడిగింది.

"నేనేం చెప్తాను? నీకు తెలియందేముంది?" అంది పెద్ద కోడలు తీయగా.

శుక్రవారం డైరెక్టరుగారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చారు. పనివాళ్లు గోడవారగా నిలబడ్డారు. మొదట కుప్పగా పోసిన ముల్లంగి గింజలు. చిన్న కోడలి ప్రోగ్రాం అంటుకున్నవాటిని కూడా విడగొట్టి కరెక్టు లెక్క చెప్పింది, పెద్ద కోడలిది తక్కువ చెప్పింది. బ్రష్షుతో విడదీశాక రెండూ ఒకటే చెప్పాయి. డైరెక్టరుగారు తల పంకించారు. ఆ పంకింపు ఎటువైపో అందరికీ అర్థమైంది.

"ఇంకొక ట్రే ఉందండి," అంది పెద్ద కోడలు. "మొలక పరీక్షది. పూర్తిగా మొలిచిన రకం."

తడికాగితం తప్ప ఏమీ లేని ట్రేని పెట్టెలోకి తోసింది. ముందు తన ప్రోగ్రాం నడిపింది. సున్నా. తర్వాత పక్కకు జరిగి చిన్న కోడలికి చోటిచ్చింది. ఆ క్షణంలో ఆమె చూసింది తెరని కాదు, తోడికోడలి మొహాన్ని. ఆ మొహం వాడిపోవడం దగ్గర్నుంచి చూడాలని ఆమెకు అంత ఆశ.

ఆ మొహం వాడలేదు. తెర మీద సున్నా పడింది.

పెద్ద కోడలు తెర మీదకు వంగి ఆ సున్నాను మళ్లీ చూసింది.

"దీని గురించి చెప్పాలండి," అంది చిన్న కోడలు డైరెక్టరుగారితో. "మొన్నటిదాకా ఇది ఖాళీ ట్రేలో కూడా గింజలున్నాయని చెప్పేది. అక్క మంగళవారం ఖాళీ ట్రే పెట్టి చూడబట్టి బయటపడింది. దిద్దింది కూడా అక్క అంకెతోనే. ఇప్పుడు ఏ మచ్చకైనా గీత గీశాక, ఆ గీత లోపలి చాయ సగటు అక్క పెట్టుకున్న హద్దు కంటే నల్లగా ఉందో లేదో చూస్తుంది. లేకపోతే అది గింజ కాదని వదిలేస్తుంది."

"భేష్! ఇద్దరూ కలిసి చేశారన్నమాట," అన్నారు డైరెక్టరుగారు. "సోమవారం లేత రంగు గింజలతో కూడా ఒకసారి చూద్దాం. వంగ గింజలు పెట్టండి. అదీ సరిగ్గా వస్తే చిన్నమ్మాయి ప్రోగ్రామే ఖాయం, ఇన్‌ఛార్జి కాగితం మీద సంతకం పెట్టేస్తాను."

పనివాళ్లు చప్పట్లు కొట్టారు. అందులో కొన్ని తనకూ అని తెలిసేసరికి పెద్ద కోడలికి తల కొట్టేసినట్టయింది. తను తవ్విన గోతిని అవతలి మనిషి చక్కగా పూడ్చి, పైన తన పేరే రాసి పెట్టింది. ఇంతకంటే అవమానం ఏముంటుంది? ఖాళీ ట్రే పట్టుకుని కడిగే తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది.

వెనకే చిన్న కోడలు వచ్చింది.

"నీకెలా తెలిసింది?" అంది పెద్ద కోడలు తల తిప్పకుండా.

"నా ప్రోగ్రాం తీసిన ప్రతి ఫోటో దాచుకుంటుందక్కా, టైముతో సహా. భోజనాలప్పుడు గదిలో ఉండేది నువ్వొక్కదానివే. ఆ సాయంత్రమే చూశాను. చెప్తావేమోనని ఎదురుచూశాను. అడిగాను కూడా."

పెద్ద కోడలు ట్రేని తోమిన చోటే మళ్లీ తోమింది.

"మరి అందరి ముందూ నన్నెందుకు నిలబెట్టావ్ అలా? దేవతలాగా?"

"దేవత లేదు, దయ్యం లేదు." చిన్న కోడలి గొంతు మొదటిసారి పదునెక్కింది. "నిన్ను పొగిడితే నీకు మండుతుందని తెలుసు కాబట్టి పొగిడాను. ఇంట్లో కూడా అంతే. ఆ ఇంట్లో నేను అడుగు పెట్టిన రోజు నుంచీ వింటున్నా. పెద్దది ఇలా చేస్తుంది, పెద్దదాన్ని అడుగు, పెద్దదాని చెయ్యి పడితేగానీ ఏదీ కుదరదు. అత్తయ్య నీ ముందు నన్ను పొగుడుతుంది, నా ముందు నిన్ను పొగుడుతుంది. ఈ గదిలో కూడా నీ పెట్టె, నీ కెమెరా, నీ నియమాలు. నీది కానిది ఒక్కటైనా ఉండాలని ఆ ప్రోగ్రాం రాశానక్కా. చివరికి అందులోనూ నీ నూట పదే పెట్టాల్సొచ్చింది. పెట్టె మీద రాసుంది కదా, రోజూ కనిపిస్తూనే ఉంది. మూడంకెలు టైపు చెయ్యడానికి నాకు ఒక పూట పట్టింది. చెయ్యి రాలేదు."

పెద్ద కోడలు అప్పుడు తల తిప్పింది.

నూట పది. పెట్టె మీది పాత రాత. కొత్త బల్బు వేశాక పాస్‌వర్డు వెనక మార్చిన అంకె ఈ పిల్లకు తెలియదు. ముల్లంగి గింజలు ముదురు రంగువి కాబట్టి ఇవాళ ఏమీ తేడా రాలేదు. సోమవారం వంగ గింజలు పెడితే, లేతగా ఉన్నవాటి చాయ నూట పదికీ నూట పద్దెనిమిదికీ మధ్య పడుతుంది. గీత చక్కగా గీసి, లోపల సరిపడా నలుపు లేదని చెరిపేస్తుంది. డైరెక్టరుగారి ముందు, అందరి ముందు. ఈసారి ఏ ఫోటోలోనూ ఏ రుజువూ ఉండదు. తను చెయ్యాల్సింది ఏమీ లేదు, నోరు మూసుకుంటే చాలు.

మళ్లీ అదే గాలి గుండెలోకి రాబోయింది. ఎదురుగా చిన్నది నిలబడి ఉంది, కళ్లు ఎర్రబడి, పెదవి బిగబట్టి. ఆ చూపు ఎక్కడో చూసినట్టుందే అనుకుంది పెద్ద కోడలు. ఎక్కడో ఏమిటి, రోజూ పొద్దున తల దువ్వుకుంటుంటే అద్దంలో కనిపించేదే.

ఇన్నాళ్లూ ఈ పిల్ల నవ్వితే వెటకారమనీ, పొగిడితే ఎత్తిపొడుపనీ, నీళ్ల గ్లాసు అందిస్తే నాటకమనీ లెక్కవేసుకుంది. కొన్ని నిజమేనని ఇప్పుడు తేలింది కూడా. కానీ ఎన్ని నిజం గింజలో, ఎన్ని ఉత్త తడిమచ్చలో! ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ఏడుపూ వచ్చింది. రెండూ మింగింది.

"నూట పది కాదే," అంది.

"ఏంటీ?"

"ఆ రాత పాతది. బల్బు మార్చాక వెలుతురు పెరిగింది. నూట పద్దెనిమిది. నూట పదితో పెడితే వంగ గింజలు జారిపోతాయి."

చిన్న కోడలు నెమ్మదిగా అంది. "చెప్పకుండా ఉంటే సోమవారం నీదయ్యేది."

"తెలుసు. అందుకే ఒళ్లు మండిపోతోంది. నా మనసు మారకముందే వెళ్లి మార్చు."

"నువ్వూ రా అక్కా. నాకు నమ్మకం లేదు."

"నా మీదేనా?"

"నీ మీదే."

ఆ మాట ఇద్దరి మధ్యా ఎన్నాళ్లకో నిజంగా అనుకున్న మాట. పెద్ద కోడలికి అది పొగడ్త కంటే హాయిగా తగిలింది. చేతులు తుడుచుకుని వెంట వెళ్లింది.

వంద వంగ గింజలు లెక్కపెట్టి ట్రేలో పోసి పెట్టెలో పెట్టారు. నూట పదితో తొంభై నాలుగు వచ్చాయి. చిన్న కోడలు ఆ అంకె చెరిపి నూట పద్దెనిమిది కొట్టింది. ఈసారి పూట పట్టలేదు. తెర మీద వంద పడింది, వంద ఆకుపచ్చ గీతలతో సహా.

"సరిపోయిందక్కా," అంది చిన్న కోడలు. లేచి మార్కరు తీసుకుని పెట్టె మీది పాత అంకె కొట్టేయడానికి వెళ్లింది.

పెద్ద కోడలు కుర్చీ ముందుకు లాక్కుని తెర మీదకు వంగింది. ఒక్కో గీత మీద వేలు పెట్టి, నోట్లో గొణుక్కుంటూ, పాత రోజుల్లోలా మొదటి నుంచి లెక్కపెట్టింది. ఒక్కటి, కనీసం ఒక్కటైనా తక్కువ రాకపోతుందా అని.

తక్కువ రాలేదు.